సవరణ: ఆర్బిట్రేజ్ ప్రైసింగ్ థియరీ రెండు ఫ్యాక్టర్ల లెక్కలో సర్‌ప్రైజ్ ఎక్కడికి వెళ్తుంది?

"అన్నా, పారిశ్రామిక ఉత్పత్తి అనుకున్నదానికన్నా 1% ఎక్కువొస్తే ఎక్స్‌పెక్టెడ్ రిటర్న్‌లో బీటాతో గుణించి కలపాలా?"

కలపకూడదు తమ్ముడూ, నిన్నటి పోస్ట్‌లో అలా కలపమని నేను రాసిన లైన్ తప్పు, తీసేశా. బీటా అంటే ఆ ఫ్యాక్టర్ కదిలితే షేరు ఎంత కదులుతుందో చెప్పే అంకె. సర్‌ప్రైజ్ వచ్చాక దొరికిన రిటర్న్ మారుతుంది, ముందుగా ఆశించేదాన్ని నిర్ణయించేది రిస్క్ ప్రీమియమే, అంటే ఆ రిస్క్ మోసినందుకు అదనంగా అడిగే రిటర్న్.

మన గుంటూరు స్పిన్నింగ్ మిల్లు షేరు ఒకటి ఊహించుకో. రిస్క్‌ఫ్రీ 6%, ఉత్పత్తి బీటా 1.2, ప్రీమియం 5%, ద్రవ్యోల్బణం బీటా 0.5, ప్రీమియం మైనస్ 2% (ధరలు పెరిగినప్పుడు కాపాడే షేరు కదా, అందుకే తక్కువ రిటర్న్‌కే కొంటారు).

ప్రతి బీటాను దాని ప్రీమియంతో గుణించి కలిపితే ఆశించే రిటర్న్: 6 + 1.2×5 − 0.5×2 = 6 + 6 − 1 = 11%.

ఏడాది తర్వాత 222 రూపాయలు అవుద్దనుకుంటే, డివిడెండ్ లేకపోతే ఇవాళ 200 ఉండాలి, 193కే దొరికితే రిటర్న్ 15%, అంటే చవకే. కానీ ఒక్క షేరుతో ఇది ఆర్బిట్రేజ్, అంటే రిస్క్ లేని లాభం, అవ్వదు, మిల్లులో సమ్మె జరిగితే ఆ అదనపు 4% గోవిందా, ఇలాంటి చవక షేర్లు చాలా కలిపి, వేరే షేర్లు షార్ట్ చేసి మొత్తం బీటాలు సున్నా చేస్తేనే అవుద్ది.