ఆవ నూనె: సీసాపై లేని అంకె

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. సరిహద్దుకు అటూ ఇటూ బంధుత్వాలున్న మన శ్రీకాకుళం ఇళ్లలో నువ్వుల నూనె పక్కనే ఆవ నూనె కూడా కనిపిస్తుంది. అదే నూనెను అమెరికాలోని భారతీయ దుకాణంలో కొంటే, సీసాపై 'బాహ్య వినియోగానికి మాత్రమే' అని ఉంటుంది. దాన్ని ఫోటో తీసి పంపిన పిల్లలు, మనం ఇన్నాళ్లూ విషం తిన్నామా అని అడుగుతారు. విషం తినలేదన్నది నా అభిప్రాయం. అలాగని ఆ మాటను కొట్టిపారేయడాన్నీ నేను ఒప్పుకోను.

ఆవ నూనెలో ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. మన దేశపు సాధారణ రకాల్లో ఇది నూనెలో దాదాపు 40 శాతం. ఈ నూనెను ఎక్కువగా తినిపించిన ఎలుకల గుండె కండరంలో కొవ్వు బిందువులు పేరుకున్నట్లు గత శతాబ్దపు ప్రయోగాల్లో తేలింది. గుండె కణాలు ఈ ఆమ్లాన్ని నెమ్మదిగా మాత్రమే విడగొట్టగలవు. కొంతకాలానికి శరీరం సర్దుకోవడంతో ఆ కొవ్వు తగ్గిపోయింది. మనుషుల్లో ఇలాంటి హాని రుజువు కాలేదు. అయినా అమెరికా ఆహార, ఔషధ సంస్థ దీన్ని వంట నూనెగా అనుమతించలేదు. అందుకే దిగుమతిదారులు ఒంటికి రాసుకునే నూనెగా అమ్ముతారు, ఆ మాట అలా వచ్చింది.

ఇదంతా విదేశీ నూనెల వ్యాపారుల కుట్ర అని, తాతముత్తాతలు తిని బతకలేదా అని వాదించేవారున్నారు. బెంగాల్, బీహార్ తరతరాలుగా దీనితోనే వండుకుంటున్నాయి, దాన్ని కాదనలేం. కానీ కుట్ర వాదం నిలబడదు. ఎరూసిక్ ఆమ్లం కెనడా రైతుల సొంత రేప్‌సీడ్ నూనెలోనూ ఉండేది. దాన్ని తగ్గించడానికి వాళ్లు విత్తనాన్నే మార్చుకున్నారు. అలా పుట్టిందే కనోలా. ఐరోపా కూడా తన నూనెలకు 1976లోనే పరిమితి పెట్టుకుని, 2019లో దాన్ని 2 శాతానికి బిగించింది. ఆవ నూనెకు మాత్రం 5 శాతం ఉంచింది.

ఇక అసలు లెక్క చూద్దాం. ఇచ్ఛాపురంలో నలుగురున్న ఇల్లు నెలకు రెండు లీటర్ల ఆవ నూనె వాడుతుందనుకుంటే, మనిషికి రోజుకు సుమారు 15 గ్రాములు, అందులో ఎరూసిక్ ఆమ్లం 6 గ్రాములు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో చెప్పిన పరిమితి శరీర బరువు కిలోకు రోజుకు 7 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది అర గ్రాము కూడా కాదు, అంటే మన ఇల్లు దానికి పద్నాలుగు రెట్లు తింటోంది. ఇక్కడే చాలామంది బెదిరిపోతారు. అయితే ఆ పరిమితి, చిన్న జంతువుల్లో హాని కనిపించని మోతాదులో నూరో వంతు. ఆ అసలు మోతాదు 60 కిలోల మనిషికి 42 గ్రాములవుతుంది. పెద్దవాళ్లు తింటున్నది అందులో ఏడో వంతే.

నన్ను కలవరపెట్టేది ఆ ఇంట్లోని 15 కిలోల పసివాడు. వాడు పెద్దవాళ్లు తినేదానిలో సగం తిన్నా, రోజుకు 3 గ్రాములు. వాడి బరువుకు హాని కనిపించని మోతాదు 10.5 గ్రాములు కాబట్టి, నూరు రెట్లు ఉండాల్సిన ఎడం మూడున్నర రెట్లకు కుదించుకుపోయింది. ఆ ప్రయోగాల్లోని జంతువులు కూడా పసి ఎలుకలు, అప్పుడే పుట్టిన పందిపిల్లలేనని మరవకూడదు. అందుకే చిన్నపిల్లలున్న ఇల్లు ఆవ నూనె ఒక్కదానితోనే వండకూడదని గట్టిగా చెబుతున్నాను. నువ్వుల నూనెతోనో వేరుశనగ నూనెతోనో మార్చి మార్చి వాడుకోవాలి. (పోపులో వేసే ఆవాలకూ, పనసపొట్టు కూరలో పెట్టే ఆవకూ భయపడనక్కర్లేదు, ఆ కాస్త గింజల్లోంచి ఒక్కొక్కరికి చేరే నూనె చాలా తక్కువ.)

పొగ వచ్చేదాకా కాచితే దోషం పోతుందన్న నమ్మకమూ తప్పే. కాచినప్పుడు ఆవిరైపోయేది ముక్కుకెక్కే ఘాటు మాత్రమే. ఎరూసిక్ ఆమ్లం ఎక్కడికీ పోదు.

అలాంటప్పుడు కొనేవారికి కావాల్సింది సీసాపై ఒక అంకె. మన ఆవ నూనె సీసాలపై సంతృప్త కొవ్వు ఎంతో ఉంటుంది, కేలరీలు ఎన్నో ఉంటాయి. ఎరూసిక్ ఆమ్లం శాతం మాత్రం కనిపించదు. ఆ ఆమ్లం 2 శాతం లోపే ఉండే పూసా మస్టర్డ్ 30 వంటి రకాలను మన శాస్త్రవేత్తలే తయారు చేశారు. శాతం ముద్రించడం తప్పనిసరి కానంతవరకు, ఆ గింజ పండించిన రైతుకు ఎక్కువ ధర రాదు, ఇచ్ఛాపురం సంతలో రెండు సీసాలు పక్కపక్కనే ఉన్నా ఏది పసివాడికి పెట్టవచ్చో తల్లికి తెలియదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ముందుగా మార్చవలసిన నిబంధన ఇదే.