మెకాలే సంఖ్యను శాతంగా కాదు, ఏళ్లుగా చదవాలి

హనుమకొండలో ఉండే మా మేనమామ టీచరుగా రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో 5 లక్షలను 2021 చివర్లో, ఒక బ్యాంకు సిబ్బంది సలహా మీద, ప్రభుత్వ బాండ్లు కొనే లాంగ్ డ్యూరేషన్ మ్యూచువల్ ఫండులో పెట్టారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. ఆ దారిలోనే ఆయన ఫండు విలువ పడింది. "సర్కారు బాండే గదరా, సర్కారు ఎగబెట్టకపాయె, మరి ఎట్ల దిగుతది?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఫండు సంస్థ నెలనెలా ఇచ్చే కాగితం మీద మెకాలే డ్యూరేషన్ అనే పేరుతో అచ్చయ్యే ఉంటుంది. కానీ అమ్మేవారు దానిని రిస్కుకు కొలతగా మాత్రమే చూపిస్తారు, అదీ తప్పుగా చూపిస్తారు. అది ముందుగా కాలానికి కొలత అన్నది నా వాదన.

(ఈ మెకాలే మన ఇంగ్లిషు చదువుల మెకాలే కాదు. 1938లో ఈ లెక్కను ప్రతిపాదించిన ఫ్రెడరిక్ మెకాలే అనే అమెరికన్ ఆర్థికవేత్త.)

చిట్టీలు తెలిసిన ఓరుగల్లు వారికి ఈ లెక్క పునాది కొత్తేమీ కాదు. చిట్టీని ముందే పాడి ఎత్తుకునేవాడు కొంత తగ్గించుకుని తీసుకుంటాడు, ఎందుకంటే రేపు వచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయికి సమానం కాదు. బాండులోనూ అంతే. ఏటా 7 శాతం వడ్డీ ఇచ్చే 5 ఏళ్ల బాండును, మార్కెట్ రేటు కూడా 7 శాతమే ఉన్నప్పుడు, లక్ష రూపాయలకు కొన్నామనుకుందాం. మొదటి 4 ఏళ్లు 7,000 చొప్పున, ఐదో ఏట 1,07,000 వస్తాయి. వీటిని 7 శాతం చొప్పున నేటి విలువకు తెస్తే వరుసగా 6,542, 6,114, 5,714, 5,340, 76,290 రూపాయలు అవుతాయి. మొత్తం లక్ష. ఇప్పుడు ఒక్కో నేటి విలువను అది చేతికొచ్చే ఏడాది సంఖ్యతో గుణించి, అన్నీ కూడి, లక్షతో భాగిస్తే 4.39 వస్తుంది. అదే మెకాలే డ్యూరేషన్. గడువు 5 ఏళ్లే అయినా, మధ్యలో వచ్చే వడ్డీల వల్ల మన డబ్బు సగటున 4.39 ఏళ్లకు తిరిగొస్తున్నదని దాని అర్థం.

మార్కెట్ రేటు పెరిగితే, పాత వడ్డీకే కట్టుబడిన బాండుకు కొనేవారు తక్కువ ధరే ఇస్తారు. చాలామంది ఇక్కడే తొందరపడి, రేటు 1 శాతం పెరిగితే ధర 4.39 శాతం పడుతుందని చెప్పేస్తారు. అది సరికాదు. ధర కదలిక కావాలంటే ఆ సంఖ్యను 1కి రేటు కలిపి, అంటే 1.07తో, భాగించాలి. అప్పుడు వచ్చే 4.10ని మాడిఫైడ్ డ్యూరేషన్ అంటారు. మన ప్రభుత్వ బాండ్లు ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తాయి కనుక అక్కడ 1కి రేటులో సగం కలిపి భాగించాలి. రేటు 8 శాతమైతే మన లక్ష రూపాయల బాండు 95,900కు పడుతుందని ఈ అంచనా చెబుతుంది. పూర్తి లెక్క వేస్తే వచ్చే ధర 96,007. ధర గీత సరళరేఖ కాదు, వంపు ఉన్నది. సరళరేఖ అంచనా అందుకే నష్టాన్ని కొంచెం ఎక్కువ చేసి చూపిస్తుంది. గడువు పొడవైతే ఈ తేడా పెద్దదవుతుంది. అదే 7 శాతం వడ్డీతో 40 ఏళ్ల బాండు తీసుకుంటే అంచనా నష్టం 13.3 శాతం, అసలు నష్టం 11.9 శాతం. గడువు ఎనిమిది రెట్లయినా మెకాలే సంఖ్య 14.27 మాత్రమే, అంటే మూడు రెట్లకు పైచిలుకు, అన్నది కూడా గమనించదగ్గది.

ఇంతవరకు ఏ పాఠంలోనైనా దొరుకుతుంది. అసలు బలం ఆ 4.39ను భాగించకుండా, ఏళ్లుగానే ఉంచి చూసినప్పుడు కనబడుతుంది. బాండు కొన్న మర్నాడే రేటు 8 శాతానికి పెరిగిందనుకుందాం. ధర 96,007కు పడింది. కానీ ఇకమీదట చేతికొచ్చే ప్రతి వడ్డీని 8 శాతానికి తిరిగి పెట్టవచ్చు. ఆ 4.39ను గుండ్రం చేయకుండా, సరిగ్గా 4.3872 ఏళ్ల దగ్గర లెక్క చూస్తే మన మొత్తం 1,34,568 రూపాయలు. రేటు కదలకుండా 7 దగ్గరే ఉండి ఉంటే అప్పటికి 1,34,559 అయ్యేది. పోనీ రేటు 6కు తగ్గిందనుకుంటే, ధర మొదట 1,04,212కు ఎక్కినా తిరిగి పెట్టే వడ్డీకి తక్కువే వస్తుంది కనుక మళ్లీ 1,34,568 దగ్గరికే చేరుతుంది. పదిరూపాయల లోపు తేడా. ధరలో పోయినది వడ్డీలో తిరిగొచ్చే చోటే ఆ 4.39. అంతకంటే ముందు డబ్బు అవసరమైనవాడికి రేటు పెరగడం నష్టం, ఆ తర్వాత అవసరమైనవాడికి అదే లాభం.

గడువు దాకా ఆగితే అసలు చేతికొస్తుంది కదా, మధ్యలో ధరతో మనకేం పని అని వాదించేవారున్నారు. విడి బాండును నేరుగా కొని, వడ్డీని ఇంటి ఖర్చుకు వాడుకుని, చివర్లో అసలు తీసుకునేవారి విషయంలో ఆ మాట నిజమే. నేను చెప్పిన సమతూకం వడ్డీని తిరిగి పెట్టేవారికే వర్తిస్తుంది, పింఛనులా తినేసేవారికి కాదు. పైగా రేటు మొదట్లోనే ఒకసారి మారి, అన్ని గడువులకూ ఒకే మేరకు కదలాలి.

కానీ ఆగితే వస్తుందన్న జవాబు ఫండులో పనిచేయదు. 2017లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన వర్గీకరణ ప్రకారం లాంగ్ డ్యూరేషన్ ఫండు తన బాండ్ల మొత్తం మీద మెకాలే డ్యూరేషన్‌ను 7 ఏళ్లకు పైనే ఉంచాలి. విడి బాండు విషయంలో ఏడాది గడిస్తే ఆ సంఖ్య తగ్గుతుంది, మన అవసరమూ దగ్గరపడుతుంది, రెండూ కలిసి నడుస్తాయి. ఈ ఫండులో అలా కాదు. సంఖ్య 7 కిందికి జారకుండా మేనేజరు పొడవాటి బాండ్లు కొంటూనే ఉంటాడు. మూడేళ్లు ఆగిన మనిషికి కూడా సమతూకపు చోటు ఇంకా ఏడేళ్ల దూరంలోనే ఉంటుంది. ఒకే తేదీన గడువు తీరే బాండ్లను పట్టుకుని, ఏటేటా సంఖ్య తగ్గుతూ పోయే టార్గెట్ మెచ్యూరిటీ ఫండులో ఈ చిక్కు లేదు. రెండింటినీ ప్రభుత్వ బాండ్ల ఫండులే అని ఒకే మాటతో అమ్మడాన్నే నేను తప్పుపడుతున్నాను. అమ్మేవారు ముందు అడగవలసింది డబ్బు ఎన్నేళ్లకు కావాలని, ఆ తర్వాతే ఆ జవాబు పక్కన మెకాలే సంఖ్యను పెట్టి చూపాలి.

మా మేనమామ ఫండు కాగితం మీద ఆ సంఖ్య 7.5. రేటు 7 శాతం చుట్టూ ఉందనుకుంటే, అది 1 శాతం పెరిగినప్పుడు సరళరేఖ అంచనా ప్రకారం 5 లక్షల మీద దాదాపు 36,000 పడుతుంది. ఆయన ఆ డబ్బు దాచినది మనవరాలి ఇంజనీరింగు ఫీజుకు, అదీ రెండేళ్లలో. ఫండు కొనిపించిన రోజున ఆ రెండేళ్ల సంగతి ఎవరూ అడగలేదని ఆయన అంటారు.