'ఏమనాలి?' అని అడగడం ఆపండి

పుట్టినరోజు జరిగే ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. అత్త వచ్చి పొట్లం చేతిలో పెడుతుంది. నాలుగేళ్ల పిల్లవాడు దాన్ని అందుకుని రెండు క్షణాలైనా కాకముందే వెనక నుంచి అమ్మ గొంతు వినిపిస్తుంది: "ఏమనాలి?" వాడు పొట్లం మీద నుంచి చూపు తిప్పి అమ్మ వైపు చూసి "థాంక్స్" అంటాడు. చెప్పింది అత్తకు కాదు, అమ్మకు పాఠం అప్పజెప్పాడంతే.

నా అభ్యంతరం ఆ చూపు దగ్గరే. ఒకరు తన కోసం ఏదో ఎంచుకుని తెచ్చారని పిల్లవాడికి తట్టాలంటే వాడు ఆ మనిషి మొహం చూడాలి. సరిగ్గా ఆ సమయంలో మనం అడ్డు తగిలి వాడి చూపును మన వైపు లాక్కుంటున్నాం. ఇలా ఓ ఏడాది చేస్తే వాడికి వంటబట్టేది కృతజ్ఞత కాదు, కానుక అందుకోగానే అమ్మానాన్నల మొహం చదవడం. నేలచూపులు చూస్తూ పాటలా సాగదీసే "థాంఆఆక్స్" పుట్టేది ఇక్కడే.

ఈ విషయాన్ని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. ఎస్తర్ గ్రీఫ్, జీన్ బెర్కో గ్లీసన్ 1980లో ప్రచురించిన అధ్యయనంలో రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు 22 మందికి తల్లిదండ్రుల ఎదుటే ఒక కానుక ఇచ్చి చూశారు. పలకరింపు, థాంక్స్, వీడ్కోలు మూడింటిలో పిల్లలు తమంతట తాము అతి తక్కువగా అన్నది థాంక్సే. పెద్దలు ఎక్కువగా గుర్తుచేసిందీ అదే. అంటే నాలుగేళ్ల వాడి నోట ఆ మాట వెంటనే రాకపోతే వాడు మొండివాడూ కాదు, మీ పెంపకం చెడిపోనూ లేదు. ఆ వయసు తీరే అంత.

ముందు మాట అలవాటైతే అర్థం తర్వాత అదే వస్తుందని, చేతులు కడుక్కోవడం కూడా అలాగే నేర్పామని కొందరంటారు. అందులో కొంత నిజముంది. గుర్తుచేస్తే పిల్లలు చాలాసార్లు అంటారు కూడా. కానీ చేతులు కడిగేటప్పుడు ఎదురుగా మరో మనిషి ఉండరు. మర్యాద మరొకరి వైపు తిరిగి చేసే పని కాబట్టి, ఎటు తిరిగి చేశామన్నదే ఇక్కడ సగం పాఠం. గుర్తుచేయాలంటే తలుపు తీయడానికి ముందే చేయండి, కానుక చేతిలో పడ్డాక వద్దు.

మరి ఏం చేయాలి? సాధన ముందే, ఆటలా జరగాలి. వేడుకకు రెండు రోజుల ముందు ఒక చెంచా, ఒక సాక్సు, ఒక దువ్వెన పాత కాగితంలో చుట్టండి. మొదటి వంతు మీది. పాప ఇస్తే రెండు చేతులా అందుకోండి, తన మొహం చూడండి, విప్పండి, చూసిన దాని గురించి ఒక్క మాట అనండి: "నీలం సాక్సు! నా కోసం తెచ్చావా, థాంక్స్." తర్వాత వంతులు మార్చుకోండి. మూడు నాలుగు సార్లు చాలు, ఐదు నిమిషాలు దాటితే అది ఆట కాకుండా పోతుంది. సాక్సు వంతులో పాప పగలబడి నవ్వుతుంది. నవ్వనివ్వండి, పనికిరాని వస్తువును కూడా బాగానే అందుకోవచ్చని తెలిసేది అప్పుడే.

అసలు పరీక్ష నచ్చని కానుకతోనో, ఉన్నదే మళ్లీ రావడంతోనో ఎదురవుతుంది. అత్త తెచ్చిన పొట్లంలో ఏనుగు బొమ్మ పజిల్ ఉందనుకోండి. పాప అలమరలో అదే పజిల్ ఇప్పటికే ఉంది. "ఇది నా దగ్గర ఉందిగా!" అని గట్టిగా అనేస్తుంది. గదిలో అందరూ ఒక్కసారి మౌనమైపోతారు. ఇక్కడ పాప చేసింది అవమానం కాదు, తాను గుర్తుపట్టిన సంగతి చెప్పింది. "అలా అనకూడదు, థాంక్స్ చెప్పు" అని గద్దిస్తే తప్పెక్కడుందో తనకు అర్థం కాదు, సిగ్గు మాత్రం మిగులుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, తన ఎత్తుకు దిగి, "అవును, నీకు ఏనుగులంటే ఇష్టమని అత్తకు గుర్తుంది చూశావా" అనండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. పాప ఏమీ అనకపోతే మీరే అత్త వైపు తిరిగి, "థాంక్స్ వదినా, భలే గుర్తుపెట్టుకున్నావు" అనేసి ఊరుకోండి. పాపకు ఏ ప్రశ్నా వేయొద్దు. ఆ మాట ఎవరికి, ఎందుకు, ఏ గొంతుతో చెప్పాలో తను విన్నది, ఈసారికి అది చాలు.

నచ్చకపోయినా "చాలా బాగుంది" అనమని మాత్రం నేర్పకండి. నిజమైన మాటే ఒకటి వెతుక్కోవచ్చని చెప్పండి: రంగు, బొమ్మ, పెట్టె సైజు, ఏదైనా సరే. నచ్చలేదన్న సంగతి రాత్రి పడుకునేటప్పుడు మీ చెవిలో చెప్పొచ్చని ముందే ఒప్పందం పెట్టుకోండి. నిరాశను దాచడం ఈ వయసు పిల్లలకు చేతకాదని అనుకుంటాం గానీ, 1986లో మనస్తత్వవేత్త పమేలా కోల్ ప్రచురించిన ప్రయోగాల్లో మూడు నాలుగేళ్ల ఆడపిల్లలు సైతం నచ్చని బహుమతి అందుకుని, ఇచ్చిన మనిషి ఎదుట ఉన్నప్పుడు చిరునవ్వు నవ్వారు. ఎందుకలా నవ్వారన్నది మాత్రం వారి మాటల్లో రాలేదు. నవ్వు మొహం పెట్టడం వాళ్లకు అప్పటికే కొంత వచ్చు. ఇచ్చినవాళ్ల మనసులో ఏముందో ఊహించడమే ఇంకా రావాల్సింది, దాన్ని హుకుంతో తెప్పించలేం.

మరో చిక్కు కానుకల కుప్ప. పది పొట్లాలు వరసగా విప్పిస్తే నాలుగోదానికల్లా పిల్లవాడికి మనుషులు కనిపించరు, కాగితమే కనిపిస్తుంది. ఇచ్చినవాళ్లు ఎదురుగా ఉండగా రెండు మూడు విప్పించి, మిగతావాటిపై పేర్లు రాసి మర్నాటికి ఉంచండి. నిద్ర వేళ దాటిన పిల్లలతో ఏ పొట్లమూ విప్పించొద్దు. మర్నాడు ఆ బొమ్మతో ఆడుతున్నప్పుడు "ఇదెవరు తెచ్చారు?" అని అడిగి పది సెకన్ల వాయిస్ మెసేజ్ పంపిస్తే, వేడుక గోలలో అనిపించుకున్న థాంక్స్ కంటే అది ఎంతో నయం. అక్కడ మాట వెనుక ఆట ఉంది.

ఫలితం మాటలో వెతక్కండి. విప్పబోయే ముందు పిల్లవాడు ఒక్క క్షణం ఆగి ఇచ్చిన మనిషి మొహం చూశాడా అన్నది చూడండి. ముందు వచ్చే మార్పు అదే, మాట కొన్ని నెలల తర్వాత వస్తుంది. సిగ్గరి పిల్లలైతే అప్పటిదాకా చేయి ఊపినా, విప్పిన బొమ్మను ఎత్తి చూపించినా థాంక్స్ కిందే లెక్క.

ఇంతకీ ఈ విషయంలో పెద్దల లెక్కే తేలడం లేదు. నాలుగేళ్ల పిల్లలు మనకు రోజూ కానుకలు ఇస్తూనే ఉంటారు: ఎండిన ఆకు, గులకరాయి, గీతలు గీసిన కాగితం. వాటిని మనం ఎలా అందుకుంటున్నాం? ఫోన్ మీద నుంచి చూపు ఎత్తకుండా "ఆ, బాగుంది, అక్కడ పెట్టు" అంటాం. పై 1980 అధ్యయనంలోనే, కానుక తెచ్చి ఇచ్చిన పరిశోధక సహాయకులకు తండ్రుల కంటే తల్లులే ఎక్కువగా థాంక్స్ చెప్పారు. పిల్లల చేత అనిపించిన మాట తమ నోటితో అనని తండ్రులు ఆ గదిలోనే ఉన్నారన్నమాట. ఈసారి పాప ఆకు తెస్తే ఫోన్ బోర్లా పెట్టండి, రెండు చేతులా అందుకోండి, ఎక్కడ దొరికిందో అడగండి. ఆ జవాబు కనీసం మూడు నిమిషాలు సాగుతుంది, మధ్యలో లేవకండి.