కస్టమర్ చిల్లులంటే మీరూ చిల్లులనే రాయండి

చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు వివరణలు రాసిపెట్టడం నా పని. ఎవరి పేజీ తెరిచినా ఈ ఫిర్యాదు మాత్రం తప్పదు: "రెండు అంచుల్లో పిన్నులు గుచ్చినట్టు చిల్లులున్నాయి, వాడిన చీర పంపారు." దాని కింద అమ్మినవాళ్ల జవాబు: "మేడమ్, అది చేనేత లక్షణం, వివరణలో రాశాం కదా." ఈ జవాబు చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంతకీ రాసిందేమిటి? "చేతి నేతలో సహజంగా వచ్చే స్వల్ప తేడాలను లోపాలుగా భావించవద్దు." అది చదివి ఎవరైనా దారంలో ఎగుడుదిగుడో, రంగులో కాస్త తేడానో అనుకుంటారు గానీ, చిల్లులని ఎలా అనుకుంటారండీ?

కొన్నావిడ తప్పు ఇందులో ఏమీ లేదు. పైగా మనకు కావలసిన మాట ఆవిడే రాసిచ్చింది. ఆ మాటతోనే వివరణ తిరగరాయాలి: "చీర రెండు అంచుల్లో, వరసగా, పిన్ను గుచ్చినట్టు చిన్న చిల్లులు కనిపిస్తాయి. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా రెండు వైపులా సూదిమొనలున్న బద్దతో పట్టి ఉంచుతారు. నేత సాగేకొద్దీ దాన్ని ముందుకు జరుపుతారు. ఇవి ఆ మొనల గుర్తులు. వాడిన చీర కాదు."

ఆ చివరి మాట వద్దని చాలామంది పట్టుబడతారు, లేని అనుమానం మనమే పుట్టించినట్టవుతుందని. రివ్యూల్లో ఆ అనుమానం ఇప్పటికే పదిమంది కళ్లబడుతోంది కదా! జవాబు వివరణలోనే ఉండాలి.

మాటలు ఏరడానికి ఒకటి, రెండు స్టార్ల రివ్యూలే చాలవు. "మొదట చిల్లులు చూసి భయపడ్డాను, అమ్మ చెప్పాక అర్థమైంది" అని ఐదు స్టార్లు ఇచ్చేవాళ్లూ ఉంటారు. అపోహ ఎలా మొదలైందో, ఏ మాటతో తీరిందో ఆ ఒక్క వాక్యంలోనే దొరుకుతుంది. వాపసు పంపినప్పుడు రాసే కారణాలు, కొనేముందు వాట్సాప్‌లో అడిగే ప్రశ్నలు కూడా చూడాలి. వేర్వేరు మనుషులు అదే మాట మళ్లీ మళ్లీ అంటుంటేనే వివరణ మార్చాలి. ఎవరో ఒక్కరు అన్నదానికల్లా వాక్యం చేరిస్తే అసలు విషయం మరుగున పడిపోతుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఈ గుర్తులు అంచుల్లోనే, దాదాపు సమాన దూరాల్లో ఉంటాయి. చీర మధ్యలోనో, పల్లూలోనో ఎక్కడపడితే అక్కడ చిల్లుంటే అది డ్యామేజే, మారుమాట లేకుండా వాపసు తీసుకోవాలి. ఈ తేడా కూడా వివరణలో రాయండి. నిజమైన లోపాన్ని ఈ వాక్యం చాటున దాచడం మోసం.

మార్చాక వచ్చే రివ్యూల్లో "చిల్లులు" అన్న మాట పోకపోవచ్చు. దాని పక్కన ఏముందో చూడండి. "చెప్పినట్టే అంచుల్లో చిల్లులున్నాయి" అంటే పని జరిగినట్టే. ఇంకా "వాడిన చీర" అనే వస్తుంటే ఆ వాక్యం ఎవరి కంటా పడలేదన్నమాట. ఫోన్‌లో వివరణ మొదటి రెండు వరుసలు దాటి తెరిచేవాళ్లు తక్కువ. అప్పుడు అంచును దగ్గరగా ఫొటో తీసి, చిల్లుల చుట్టూ గీత గీసి, ఆ వాక్యాన్ని ఫొటో మీదే రాసి రెండో బొమ్మగా పెట్టండి.