యూరిన్ టెస్ట్ నార్మల్ అయినా నొప్పి ఉండొచ్చు

"యూరిన్ టెస్ట్ నార్మల్ అన్నారు, మరి వీర్యం పడగానే నొప్పి ఎందుకు?"

నాకూ ఇలాగే జరిగిందండీ. వృషణాలకీ మలద్వారానికీ మధ్య, లోపలెక్కడో పిండినట్టు ఉండేది, గంటసేపు తగ్గేది కాదు. వీర్యం పడేటప్పుడు ప్రోస్టేట్ గ్రంథి బిగుసుకుంటుంది, అది వాచి ఉంటే నొప్పి పుడుతుంది. డాక్టర్ మలద్వారం గుండా ఆ గ్రంథిని వేలితో నొక్కి చూసి, ఆ వెంటనే మళ్లీ యూరిన్ తీయించారు. బ్యాక్టీరియా అందులో దొరికింది! యాంటీబయాటిక్ వారాల తరబడి వాడమన్నారు. నేను ఐదో రోజే మానేసి నొప్పి మళ్లీ తెచ్చుకున్నాను. బ్యాక్టీరియా లేని వాపులూ ఉంటాయి, వాటికి ఈ మందు పనిచేయదు.

వీర్యం బాగా తగ్గినా, రక్తపు చారలు కనిపించినా, వీర్యం బయటికొచ్చే నాళంలో రాయి అడ్డుపడిందేమో చూడాలి. మలద్వారం గుండా చేసే స్కానింగ్‌లో కనిపిస్తుంది. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.