పాత ఆడిటర్ సంతకం చూసి మార్చి 31 నిల్వలను నమ్మేయకండి

కొత్త క్లయింటు ఒప్పుకున్న తొలి ఏడాది మనలో చాలామంది చేసే పని ఒకటే. పాత ఆడిటర్‌కు పోస్టులో ఒక ఉత్తరం పంపి, అది అందినట్టు రుజువును ఫైల్లో పెట్టి, ఓపెనింగ్ బ్యాలెన్సుల సంగతి ముగిసిందని అనుకుంటారు. ఈ అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూలులోని 8వ క్లాజు కోరే ఆ ఉత్తరం నియామకాన్ని అంగీకరించడానికి ముందు జరగాల్సిన పని. ఓపెనింగ్ బ్యాలెన్సులపై ఉన్న ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 510 కోరేది నిల్వలకు ఆధారం. ఒకటి చేసినంత మాత్రాన రెండోది చేసినట్టు కాదు.

గుంటూరులో కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి నిల్వ చేసే ఒక కంపెనీకి సెప్టెంబరు ఏజీఎంలో మీరు ఆడిటర్‌గా నియమితులయ్యారనుకుందాం. మార్చి 31న 12,000 టిక్కీల, అంటే బస్తాల, సరుకు ఉన్నట్టు పుస్తకాలు చెబుతున్నాయి, కానీ ఆ లెక్కింపు రోజున మీరు అక్కడ లేరు. బాకీదారుల సంగతి తేలిక, ఏప్రిల్ తర్వాత బ్యాంకులో పడిన వసూళ్లే చాలావరకు సాక్ష్యం చెబుతాయి. సరుకు విషయంలో అలా కుదరదు.

నవంబరులో మీరే లెక్కిస్తే 3,000 టిక్కీలు తేలాయి. ఏప్రిల్ నుంచి అప్పటివరకు పంపినవి 13,000, కొన్నవి 5,000. మిగిలినవాటికి పంపినవి కలిపి, కొన్నవి తీసేస్తే మార్చి 31న ఉండాల్సింది 11,000 మాత్రమే. ఎండి తూకం తగ్గిందని యాజమాన్యం చెప్పవచ్చు. తూకం తగ్గుతుంది గానీ టిక్కీల సంఖ్య తగ్గదు. ఆ వెయ్యి మార్చికి ముందే లేవా, తర్వాత పోయాయా అన్నది మన వెనక్కి లెక్క చెప్పదు. అందుకే కోల్డ్ స్టోరేజీ వారి లాట్ రిజిస్టరును, మార్చి 31 నాటి నిల్వపై వారు నేరుగా మీకు రాసిచ్చే ధ్రువీకరణను చూడాలి.

టిక్కీ రూ.8,000 చొప్పున ఆ తేడా రూ.80 లక్షలు. మార్చికి ముందే సరుకు లేదని తేలితే, నిరుటి లాభం ఆ మేరకు ఎక్కువ చూపారన్నమాట. దాన్ని ఈ ఏడాది నష్టంగా రాసేసి సరిపెట్టుకోవడం తప్పు, అది గత కాలపు పొరపాటుగానే వెల్లడి కావాలి.

పాత ఆడిటర్‌కు రాసే ఉత్తరంలోనూ ‘మీకు అభ్యంతరం ఉందా’ అని ఒక్క వాక్యంతో ఆగకూడదు. మార్పుకు కారణం ఏమిటి, యాజమాన్యంతో విభేదాలున్నాయా, ఫీజు బకాయి ఉందా అని అడగాలి. క్లయింటు అనుమతి లేనిదే ఆయన లోపలి విషయాలు చెప్పలేరు కనుక ఆ అనుమతిని ముందే రాయించి పంపాలి, క్లయింటు దానికి వెనకాడితే నియామకం గురించే మళ్లీ ఆలోచించాలి. ఆయన వర్కింగ్ పేపర్లు ఇచ్చి తీరాలన్న నియమం మన దగ్గర లేదు, అవి రాలేదన్న సాకుతో సరుకు పరిశీలన మానేయకూడదు.

లాట్ రిజిస్టరు కూడా దొరక్కపోతే, ముగింపు నిల్వను మీరే లెక్కించి సరిచూసినా, ఆ ఏడాది రిపోర్టులో క్వాలిఫికేషన్ రాయక తప్పదు.