వందకి పదిహేనే కొన్నారంటే రేటు ఎక్కువనా?

"వంద మంది అడిగితే పదిహేను మందే డబ్బు కడుతున్నారంటే మీ రేటు ఎక్కువ, తగ్గించండి. నెలలో ఎన్ని ఎంక్వైరీలు, ఎన్ని ఆర్డర్లు అని చూసుకుంటే చాలు. మధ్యలో లెక్కలు దండగ."

ఇది తరచూ వినిపించే సలహా. ముందు అందులో రేటు సంగతి. ఆత్రేయపురంలో మా వదిన పూతరేకుల దుకాణానికి ఆర్డర్ల లెక్క నేనే రాస్తాను. జూలైలో వాట్సాప్‌లో 200 మంది అడిగారు. అందులో 120 మందికి ధర చెప్పగలిగాం. 'పంపండి' అని అడ్రసు ఇచ్చింది 72 మంది. నెలాఖరుకి డబ్బు కట్టింది 30 మంది. వందకి సరిగ్గా పదిహేను.

కానీ ధర విన్నవాళ్లలో 60 శాతం సరే అన్నారు. అడిగిన 200 మందిలో మిగిలిన 80 మంది అసలు ధరే వినలేదు. వాళ్ల మెసేజీలు ఎక్కువగా రాత్రి తొమ్మిది దాటాక వచ్చినవి. పొద్దున మేం జవాబిచ్చేసరికి అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ధర తెలియనివాళ్లు ధర ఎక్కువని ఎలా వెళ్తారు?

మధ్య లెక్కలు దండగ అన్నది మరీ పొరపాటు. మనుషుల సంఖ్య చూస్తే పెద్ద నష్టం ఆ 80 మందే. శాతం చూస్తే మాత్రం చివరి మెట్టు దగ్గర: అడ్రసు దాకా వచ్చిన 72 మందిలో 42 మంది, అంటే వందకి 58 మంది ఆగిపోయారు. కొనాలని నిర్ణయించుకున్నాక ఆగారన్నమాట. ఆ 42 చాట్‌లూ వదినా నేనూ కూర్చుని ఒక్కొక్కటే చదివాం. 23 చాట్‌లలో ఆఖరి మెసేజ్ మాదే: "కొరియర్‌తో కలిపి మొత్తం ఇంత." పూతరేకులు నలిగితే పొడే మిగులుతుంది కాబట్టి గట్టి డబ్బాలో పెట్టి పంపాలి, ఆ ఖర్చు అడ్రసు వచ్చాక గానీ చెప్పేవాళ్లం కాదు. మరో 11 మంది 'సాయంత్రం వేస్తానండి' అన్నారు, మేం మళ్లీ గుర్తుచేయలేదు.

మిగిలిన 8 మంది ఆగస్టు మొదటి వారంలో కట్టేశారు. ఒక నెల ఆర్డర్లను అదే నెల ఎంక్వైరీలతో భాగిస్తే వచ్చే తప్పు ఇక్కడే తెలుస్తుంది. ఆ ఎనిమిదీ ఆగస్టు ఆర్డర్లలో కలిసిపోయాయి. జూలైలో అడిగినవాళ్లను జూలై వరుసలోనే ఉంచి వెంట నడిస్తే కట్టింది 38 మంది, వందకి 19. పాత ఖాతాదార్లు ఏమీ అడక్కుండా నేరుగా పెట్టే ఆర్డర్లను కూడా ఇందులో కలపకూడదు. కలిపితే శాతం ఊరికే పెరుగుతుంది.

కొరియర్ మాట విని ఆగిన 23 మందికి మొత్తం ఖర్చే ఎక్కువైందేమో, కాదనను. అందుకే ఇప్పుడు ధరతోపాటే కొరియర్ కూడా చెబుతున్నాం. 'పంపండి' అనేవాళ్లు తగ్గుతారు, అన్నవాళ్లలో కట్టేవాళ్లు పెరుగుతారు. ఆ రెండు మెట్లను విడివిడిగా చూసి సంబరపడితే మోసపోతాం. ధర విన్న 120లో కట్టింది 38, అంటే వందకి 32 దాకా. ఆ అంకె కదలకపోతే అప్పుడు రేటు గురించి వదినతో నేనే మాట్లాడతాను.